రాని నంబరు కోసం రెండేళ్లు

2005 ఫిబ్రవరి 9, బుధవారం. ఆ సాయంత్రం ఇటలీ లాటరీ డ్రాలో వెనిస్ పేరు మీద తీసిన ఐదు బంతుల్లో ఒకదాని మీద 53 అని ఉంది. మామూలు రోజుల్లో అయితే అది వార్త కాదు. ఆ రోజు మాత్రం దేశమంతా అదే మాట్లాడుకుంది, మర్నాడు ప్రపంచ పత్రికలూ రాశాయి. 2003 మే తర్వాత వెనిస్ డ్రాలో 53 మళ్లీ కనిపించలేదు. వరసగా 182 డ్రాలు జరిగినా, ఒక్కసారి కూడా రాలేదు. "ఇన్నాళ్లు రాలేదంటే ఇక రావలసిందే" అని లక్షల మంది ఇటాలియన్లు ఆ ఒక్క నంబరు మీద డబ్బు పెడుతూ పోయారు. అలా పెట్టింది మూడున్నర బిలియన్ యూరోలు దాటిందని అప్పటి పత్రికలు లెక్కగట్టాయి. అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్నవారి కథలు కూడా ఆ పత్రికల్లో వచ్చాయి. కోడకాన్స్ అనే వినియోగదారుల సంఘం 53 మీద పందేలు ఆపించమని ప్రభుత్వాన్ని గట్టిగా అడిగింది.

ఆ జనం వేసుకున్న లెక్కలో తప్పెక్కడుందో చూడాలంటే ముందు ఆట ఎలా నడుస్తుందో తెలియాలి.

ఇటలీ లాటరీకి లొట్టో అని పేరు. అప్పట్లో దానికి పది చక్రాలుండేవి: బారి, కాలియరి, ఫ్లోరెన్స్, జెనోవా, మిలాన్, నేపుల్స్, పలెర్మో, రోమ్, ట్యూరిన్, వెనిస్. చక్రం అంటే ఇక్కడ ఒక్కో నగరం పేరున జరిగే విడి డ్రా. ప్రతి చక్రంలోనూ 1 నుంచి 90 దాకా నంబర్లు వేసిన 90 బంతులుంటాయి. వాటిని కలిపి ఐదు బంతులు తీస్తారు. తర్వాతి డ్రాకి తీసిన బంతులు కూడా మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి, లెక్క కొత్తగా 90తోనే మొదలవుతుంది. ఆ రోజుల్లో డ్రా వారానికి రెండుసార్లు, బుధవారం ఒకటి, శనివారం ఒకటి. ఆడేవాడు రకరకాల పందేలు కాయొచ్చు. అన్నిటికన్నా తేలికైనది, "ఫలానా చక్రంలో ఫలానా నంబరు వస్తుంది" అని ఒకే ఒక నంబరు మీద కాసేది.

నంబర్ల ఎంపికలో ఇటాలియన్లకు తమదైన సంప్రదాయం ఒకటుంది. నేపుల్స్ వాళ్లు కలల్ని నంబర్లుగా మార్చుకునే పట్టికను స్మోర్ఫియా అంటారు. కలలో చచ్చినవాడు కనిపిస్తే 47, చచ్చినవాడు మాట్లాడితే 48. ఆ పట్టికలో 53 అంటే ముసలాయన. అయితే 2004లో జనం 53 వెంట పడింది కలలు చూసి కాదు, జాప్యపు పట్టికలు చూసి. ఏ చక్రంలో ఏ నంబరు ఎన్ని డ్రాలుగా రాలేదో చెప్పే పట్టికలు ఇటలీ పత్రికల్లో ఎప్పటినుంచో అచ్చవుతున్నాయి. వాటిలో వెనిస్ 53 అన్నిటికన్నా పైన కూర్చుంది.

ఒక డ్రాలో 53 వచ్చే అవకాశం ఎంత? 90 బంతుల్లో ఐదు బయటికొస్తాయి. 53కి మిగతా నంబర్ల కన్నా ఎక్కువా లేదు, తక్కువా లేదు. కాబట్టి 90లో 5, అంటే 18లో 1. ఇంత తేలిగ్గా తేలిపోయిందేమిటని అనుమానం వచ్చినవారు ఒక్కో బంతినీ విడిగా లెక్కేసి చూసుకోవచ్చు. మొదటి బంతి 53 కాకుండా పోయే వీలు 90లో 89. అది పోయాక లోపల 89 బంతులున్నాయి, రెండోదీ 53 కాకపోయే వీలు 89లో 88. ఇలా ఐదింటికీ రాసి గుణిస్తే, పైనున్న సంఖ్యా కిందున్న సంఖ్యా కొట్టుకుపోతూ చివరికి మిగిలేది 90లో 85:

89/90 × 88/89 × 87/88 × 86/87 × 85/86 = 85/90 = 17/18

అంటే ఏ డ్రాలోనైనా 53 రాకపోయే అవకాశం 18లో 17, వచ్చే అవకాశం 18లో 1.

ఒక నంబరు వచ్చాక మళ్లీ రావడానికి సగటున ఎన్ని డ్రాలు పడుతుందన్నది తర్వాతి ప్రశ్న. దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒకే చక్రంలో 1,800 డ్రాలు జరిగాయనుకుందాం. మొత్తం 9,000 బంతులు బయటికొచ్చాయి. 90 నంబర్లూ సమానమే కాబట్టి ఒక్కో నంబరు వాటాకు దాదాపు 100 వస్తాయి. 1,800 డ్రాల్లో 100 సార్లు వచ్చిందంటే ఒక రాకకూ మరో రాకకూ మధ్య సగటు దూరం 18 డ్రాలు. అవకాశం 18లో 1 అయితే సగటు నిరీక్షణ 18. ఎక్కడైనా ఇంతే: అవకాశం పదిలో ఒకటైతే సగటున పది సార్లకు, వందలో ఒకటైతే సగటున వంద సార్లకు వస్తుంది.

పేచీ మొదలయ్యేది ఇక్కడినుంచే. సగటు 18 అనగానే చాలామంది దాన్ని గడువులా అర్థం చేసుకుంటారు. వారానికి రెండు డ్రాల చొప్పున తొమ్మిది వారాల్లో రావాలి, రాకపోతే ఆలస్యమైనట్టు, ఆలస్యమైన కొద్దీ రాక దగ్గరపడుతున్నట్టు. నిజానికి 18 చుట్టూ నిరీక్షణలు గుమిగూడి ఉండవు. ఒక నంబరు నిరీక్షణలు వెయ్యి తీసుకుంటే వాటిలో సుమారు 56 ఆ వెంటనే వచ్చే డ్రాలోనే ముగిసిపోతాయి. అంటే విడివిడిగా చూస్తే అన్నిటికన్నా తరచుగా కనిపించే నిరీక్షణ ఒక్క డ్రా. రెండో డ్రాలో ముగిసేవి 52 చిల్లర, మూడోదాంట్లో ఇంకాస్త తక్కువ, అలా మెల్లగా తగ్గుతూ పోతాయి. వెయ్యిలో దాదాపు సగం పన్నెండు డ్రాల్లోపే అయిపోతాయి. 18 డ్రాల్లో 643 అవుతాయి. మిగిలిన 357 సగటును దాటిపోతాయి. 36 దాటేవి 128, అంటే ఎనిమిదింటిలో ఒకటి. వందకు మించి నడిచేవి మూడో నాలుగో. చాలా నిరీక్షణలు చిన్నవి, కొన్ని మాత్రం చాలా పొడుగువి. ఆ పొడుగువే సగటును 18 దాకా లాగుతాయి. కాబట్టి పొడుగు నిరీక్షణ వస్తే సగటు దెబ్బతిన్నట్టు కాదు. పొడుగు నిరీక్షణలు లేకపోతే సగటు 18 అయ్యేదే కాదు.

మరి వంద డ్రాలు రాకుండా పోయిన నంబరు మీద 101వ డ్రాలో అవకాశం ఎంత? 18లో 1. నిన్న వచ్చిన నంబరుకు రేపు ఎంత? అదీ 18లో 1. ఇది చాలామందికి మింగుడుపడదు. దానికి కారణం మూర్ఖత్వం కాదు, మనకు బాగా అలవాటైన ఆటలు వేరే రకంగా నడవడం. మన ఇళ్లల్లో పండగలకీ పెళ్లిళ్లకీ ఆడే హౌసీనే చూడండి. అందులోనూ 90 నంబర్లే. కాని పిలిచిన బిళ్లను పక్కన పెట్టేస్తారు, మళ్లీ సంచిలో వెయ్యరు. 45 నంబర్లు పిలిచేశాక మీ టికెట్లో మిగిలిన 53 ఇంకా రాలేదంటే, తర్వాతి పిలుపులో అది వచ్చే అవకాశం 45లో 1. మొదట్లో 90లో 1 ఉన్నది రెట్టింపైంది. ఎనభై పిలిచాక పదిలో ఒకటి. అక్కడ "ఇక రావలసిందే" అన్న మాట అక్షరాలా నిజం, ఎందుకంటే సంచి ఖాళీ అవుతోంది. లొట్టోలో సంచి ఖాళీ కాదు. ప్రతి డ్రాకీ ముందు 90 బంతులూ తిరిగి లోపలే ఉంటాయి. 53 బంతికి తాను రెండేళ్లుగా బయటికి రాలేదని తెలిసే దారి ఏదీ లేదు.

ఇక్కడ చదువుకున్నవారు కూడా వేసే ప్రశ్న ఒకటుంది. "దీర్ఘకాలంలో అన్ని నంబర్లూ సమానమవుతాయని మీరే అంటున్నారు కదా, మరి వెనకబడిన నంబరు ముందుకు రాకుండా సమానం ఎలా అవుతుంది?" ప్రశ్న న్యాయమైనదే. 53 విషయంలోనే లెక్క చూద్దాం. 182 డ్రాల్లో దాని న్యాయమైన వాటా పది సార్లు, వచ్చింది సున్నా. పది బాకీ పడింది. ఇప్పుడు ఆ తర్వాత 1,800 డ్రాల్లో అది ఏ ప్రత్యేకతా లేకుండా మామూలుగా 100 సార్లు వచ్చిందనుకుందాం. మొత్తం 1,982 డ్రాల్లో దాని వాటా 110, వచ్చింది 100. మరో పదహారు వేల పైచిలుకు డ్రాలు మామూలుగా నడిస్తే వాటా 1,010, వచ్చింది 1,000. పది బాకీ పదిగానే ఉంది, ఎవరూ తీర్చలేదు. కాని మొదట నూటికి నూరు శాతంగా ఉన్న లోటు తర్వాత తొమ్మిది శాతమై, ఆపైన ఒక్క శాతానికి దిగింది. సమానమవడం అంటే ఇదే. పాత లోటు పూడదు, కొత్తగా పోగయ్యే రాశి ముందు చిన్నదైపోతుంది. దీర్ఘకాలపు నియమం నిజమవడానికి 53 ఒక్కసారి కూడా తొందరపడి రానక్కర్లేదు.

అయినా 182 డ్రాలు రాకపోవడం అసాధారణం కాదా? 17/18ని 182 సార్లు గుణించి చూస్తే సుమారు 33 వేలలో 1 వస్తుంది. ఆ సంఖ్య చూస్తే ఎవరికైనా ఏదో జరుగుతోందనిపిస్తుంది. కాని ఆ లెక్క ఒక ఫలానా నంబరుకు, ఒక ఫలానా చక్రంలో, ఒక ఫలానా రోజున మొదలైన ఒకే ఒక్క నిరీక్షణకు సంబంధించినది. 2003 మేలో "ఈ రోజునుంచి వెనిస్ 53ను గమనిస్తాను" అని ఎవరూ ముందే చెప్పి కూర్చోలేదు. పది చక్రాలు, చక్రానికి 90 నంబర్లు, మొత్తం 900 నిరీక్షణలు ఎప్పుడూ పక్కపక్కనే నడుస్తుంటాయి. వాటిలో అన్నిటికన్నా పొడుగ్గా సాగిందాన్ని పట్టిక పైకి తెచ్చి చూపించింది.

కాబట్టి వెయ్యాల్సిన లెక్క వేరు. ఒక డ్రా రోజున పది చక్రాల్లో 50 నంబర్లు వస్తాయి, అంటే 50 పాత నిరీక్షణలు ముగిసి 50 కొత్తవి మొదలవుతాయి. వారానికి రెండు డ్రాలైతే ఏడాదికి 5,200 కొత్త నిరీక్షణలు. 33 వేలలో ఒకటి 182 డ్రాలు దాటుతుందంటే, సుమారు ఆరేళ్లకు ఒకసారి దేశంలో ఏదో ఒక చక్రంలో ఏదో ఒక నంబరు ఇలా చెయ్యాలి. చేసింది కూడా. 1941లోనే రోమ్ చక్రంలో 8 నంబరు రెండు వందల డ్రాలు దాటి రాకుండా ఉంది. వెనిస్ 53 వచ్చిన మరుసటి ఏడాదే కాలియరి చక్రంలో 34 కూడా రెండు వందలు దాటింది. ఇంకా చిన్న గీత పెట్టుకుని చూస్తే విషయం మరింత తేటపడుతుంది. ఏ రోజున పట్టిక తెరిచినా, ఆ 900లో వంద డ్రాలకు పైగా రాని నంబర్లు సగటున మూడు ఉంటాయి. పట్టిక పైన ఎప్పుడూ ఒక ఆశ్చర్యం కూర్చుని ఉంటుంది, అది పట్టిక తయారైన తీరులోనే ఉంది.

జనం డబ్బు కరిగిపోయిన విధానం కూడా దగ్గరగా చూడదగ్గది. ఒకే నంబరు మీద గెలిస్తే లొట్టో ఇచ్చేది పందెానికి సుమారు 11.23 రెట్లు. అవకాశం 18లో 1 కాబట్టి లాభనష్టాలు లేని ఆట కావాలంటే 18 రెట్లు ఇవ్వాలి. అంటే 100 యూరోలు కాస్తే సగటున తిరిగొచ్చేది 62 చిల్లర. పైగా చాలామంది ఒకే మొత్తం కాయలేదు. పోయింది రాబట్టుకోవాలని ప్రతి డ్రాకీ పందెం పెంచారు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒకాయన చాలా జాగ్రత్తపరుడు. 53 వంద డ్రాలు రాకుండా పోయేదాకా ఓపిక పట్టి, అప్పుడు మొదలుపెట్టాడు. ఎప్పుడు వచ్చినా అప్పటిదాకా పెట్టిందంతా పోను పది యూరోలు మిగిలితే చాలనుకున్నాడు. మొదటి పందెం ఒక యూరో లోపే. రాలేదు. పోయిందాన్ని కలుపుకుని రెండో పందెం కాస్త పెంచాడు. ఇలా చేస్తే ప్రతి డ్రాకీ అప్పటిదాకా పెట్టిన మొత్తం పదో వంతుకు కాస్త తక్కువగా పెరుగుతుంది. మొదట్లో అది ఏమీ అనిపించదు. పాతిక డ్రాలకు మొత్తం నూరు యూరోల లోపే. యాభై డ్రాలకు వెయ్యి దాటింది. 82వ పందెం నాటికి, అంటే 53 వచ్చే ముందు డ్రాకి, మొత్తం పెట్టింది దాదాపు 21 వేల యూరోలు. ఆ ఒక్క డ్రాలోనే 1,860 యూరోలకు పైగా కాయాలి. అదంతా తట్టుకుని నిలబడితే చివర్లో దక్కేది, ముందు అనుకున్న పది యూరోలే. ఇటలీలో చాలా కుటుంబాలు యాభయ్యో డ్రాకీ ఎనభయ్యో డ్రాకీ మధ్య ఎక్కడో చేతులెత్తేసి ఉంటాయని ఊహించడం కష్టం కాదు. వంద డ్రాలు ఆగి మొదలుపెట్టడం ఆయనకు ఇసుమంతైనా సాయపడలేదు, ఎందుకంటే మొదలుపెట్టిన రోజున కూడా ఆయన ముందున్న సగటు నిరీక్షణ అదే 18 డ్రాలు.

ఇది ఇరవయ్యొకటో శతాబ్దపు పిచ్చి అనుకుంటే పొరపాటు. ఐదు బంతులు, 90 నంబర్ల ఆట జెనోవా నగరంలో పుట్టింది. అక్కడి పాలక మండలికి ఐదుగురి పేర్లు చీటీలు తీసి ఎంపిక చేసేవారు, ఎవరి పేర్లొస్తాయోనని జనం పందేలు కాసేవారు. తర్వాత పేర్ల స్థానంలో నంబర్లొచ్చాయి. అదే ఆటను 1750ల చివర్లో పారిస్‌లో నెలకొల్పినవాళ్లలో, వెనిస్ జైలు నుంచి తప్పించుకొచ్చిన కసనోవా ఒకడు. ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ 1814లో సంభావ్యత మీద సామాన్య పాఠకుల కోసం రాసిన పుస్తకంలో ఇదే సంగతి ప్రస్తావించాడు: ఫ్రెంచి లాటరీలో ఒక నంబరు చాలాకాలం రాకపోతే జనం దాని మీద ఎగబడి పందేలు కాస్తున్నారని, గతానికి తర్వాతి డ్రా మీద ఏ ప్రభావమూ ఉండకూడదని ఆయన వివరించాడు. వెనిస్ 53కి దాదాపు రెండు వందల ఏళ్ల ముందు మాట అది.

ఈ లెక్కలన్నీ ఒక షరతు మీద నిలబడ్డాయి: డ్రా నిజాయితీగా జరగాలి, బంతులన్నీ ఒకేలా ఉండాలి. ఆ షరతు తప్పిన సందర్భాలున్నాయి. ఒకప్పుడు లొట్టో బంతులు తీసేది కళ్లకు గంతలు కట్టిన పిల్లలు. 1999లో మిలాన్ డ్రాలో మోసం బయటపడింది. బంతులు తీసే పిల్లల్నే ముఠా లోబరుచుకుందని, గంతల సందులోంచి చూసీ చేతికి తెలిసే తేడా పట్టుకునీ కావలసిన బంతులు తీయించారని తేలి అరెస్టులు జరిగాయి. మరి 53 విషయంలో అనుమానం రావడం తప్పా అంటే, రావడం తప్పు కాదు, దాన్ని పరీక్షించే పద్ధతి వేరు. ఒక నంబరు రాలేదన్న ఒక్క సంగతి చాలదు. 1,800 డ్రాల్లో ఒక నంబరు 100కు బదులు 85 సార్లు వచ్చినా, 115 సార్లు వచ్చినా అది మామూలు హెచ్చుతగ్గే. 80, 120 గీతలు దాటి, అదీ మళ్లీ మళ్లీ దాటితే అప్పుడు బంతుల్ని తూకం వేసి చూడాలి.

నిరీక్షణల ఆకారం చూడటం ఇంకో మంచి పరీక్ష. నిజమైన డ్రాలో కిందటిసారి వచ్చిన ఐదింటిలో కనీసం ఒకటి వెంటనే మళ్లీ రావడం ఒక్కో చక్రంలో నాలుగు డ్రాలకు ఒకసారి జరగాలి. చేత్తో కూర్చుని ఫలితాలు అల్లేవాడు ఈ పని చెయ్యడు. నిన్నటి నంబరు ఇవాళ వేస్తే జనం అనుమానిస్తారని భయపడి తప్పిస్తాడు. ఏ నంబరూ మరీ ఆలస్యం కాకుండా కూడా చూసుకుంటాడు. ప్రతి నంబరూ 15కీ 20కీ మధ్య బుద్ధిగా తిరిగొస్తున్న పట్టిక కనిపిస్తే, 182 డ్రాలు రాని 53 కన్నా దాన్నే ఎక్కువ అనుమానించాలి.

తెలుగు నేల మీద ఈ లెక్క ఎదురయ్యేది ముఖ్యంగా మట్కా దగ్గర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టం కింద నేరమైనా, రాయలసీమ పట్టణాల్లో మట్కా చీటీలు రాసేవారి అరెస్టు వార్తలు జిల్లా పేజీల్లో ఆగలేదు. అందులో సింగిల్ అంటే 0 నుంచి 9 దాకా ఒక అంకె. వచ్చే అవకాశం పదిలో 1, సగటు నిరీక్షణ పది ఫలితాలు, గెలిస్తే రూపాయికి తొమ్మిది. పేక ముక్కల్లో మూడు తీసి కూడి చివరి అంకె తీసుకునే పాత పద్ధతి నిజంగా పాటిస్తే పది అంకెలకూ సమాన అవకాశమే ఉంటుంది. మట్కా చార్టులు ముందేసుకుని ఎన్నాళ్లుగా ఏ అంకె రాలేదో గుర్తులు పెట్టుకునేవారు ఇక్కడా ఉన్నారు. నెలకు యాభై ఫలితాలొచ్చే ఒక ఆటలో, ఏదో ఒక అంకె వరసగా ముప్పై సార్లు రాకుండా పోవడం నెలకు సుమారు రెండుసార్లు జరగాలి. కాబట్టి చార్టు చూసేవాడికి "ఇక రావలసిన" అంకె ఎప్పుడూ ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

లొట్టోకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. వెనిస్‌లో 53 మీద ఎంత డబ్బు పడినా బంతులకు దానితో సంబంధం లేదు, డ్రా అందరి ముందూ జరిగేది. మట్కాలో ఫలితం ప్రకటించేవాడి చేతిలోనే ఆ రోజు ఏ అంకె మీద ఎంత పడిందన్న పద్దు కూడా ఉంటుంది. చాలాకాలంగా రాని అంకె మీద జనం ఎగబడతారని అతనికి తెలుసు, ఎగబడిన సంగతి చీటీల్లో కనిపిస్తుంది. అప్పుడు ఆ అంకె అవకాశం పదిలో 1 కన్నా తక్కువకు పడిపోవచ్చు. ఎన్ని చార్టులు తిరగేసినా ఇది బయటపడకపోవచ్చు కూడా. మొత్తం మీద ప్రతి అంకె తన వాటా ప్రకారమే వస్తున్నట్టు కనిపిస్తూ, ఎక్కువ డబ్బు పడిన రోజున మాత్రమే రాకుండా ఉండటానికి వీలుంది. దాన్ని పట్టుకోవాలంటే ఫలితాల పక్కన పందేల పద్దు పెట్టి చూడాలి, ఆ పద్దేమో ఆట నడిపేవాడి దగ్గర తప్ప మరెక్కడా ఉండదు.